ఈఆర్‌పీ ప్రాజెక్టు ప్రారంభ సమావేశంలో మేనేజింగ్ డైరెక్టర్ ప్రసంగం

అందరికీ నమస్కారం.

రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళ్లకుండా ఆగిన కోల్డ్ స్టోర్ సిబ్బందికీ, కావలి, సింగరాయకొండ కొనుగోలు కేంద్రాల నుంచి తెల్లవారుజామునే బయలుదేరి నెల్లూరు వచ్చినవారికీ ముందుగా కృతజ్ఞతలు. ఐస్‌లో ఉన్న రొయ్య ఎవరి కోసమూ ఆగదని తెలిసి కూడా ఈ ఉదయం ప్రాసెసింగ్ హాలును రెండు గంటలు ఆపించాను. ఈ మార్పు సంగతి మీరు నోటీసు బోర్డు మీద చదవడం కంటే నేనే స్వయంగా చెప్పడం సబబని అనిపించింది.

వచ్చే జనవరి 1 నుంచి చెరువు గట్టు మీద తూకం మొదలు కంటైనరు చెన్నై రేవు చేరే వరకు, రైతుకు ఇచ్చే డబ్బు మొదలు జీఎస్టీ రిటర్ను వరకు మన లెక్కలన్నీ ఒకే సిస్టంలో నడుస్తాయి. దానినే ఈఆర్‌పీ అంటున్నాం. కొనుగోలు, ఉత్పత్తి, స్టోర్స్, క్వాలిటీ, అమ్మకాలు, అకౌంట్స్ విభాగాలు ఎవరి పుస్తకం వారు రాసుకోవడం మాని, ఒకే పుస్తకంలో తమ తమ పేజీలు రాయడం అని అనుకుంటే దాని స్వరూపం అర్థమవుతుంది.

ఈ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పడానికి మన దగ్గరే జరిగిన ఒక సంగతి చాలు. గత సంవత్సరం ఒక విదేశీ కొనుగోలుదారు మాస్టర్ కార్టన్ మీది లాట్ నంబరు పంపి, అందులోని రొయ్య ఏ రైతుది, ఏ చెరువుది, ఏ రోజు పట్టుబడి, యాంటీబయోటిక్ పరీక్ష ఎప్పుడు జరిగింది అని అడిగారు. సరుకులో లోపమేమీ లేదు, వారి ఆడిటర్ నమూనాగా ఒక కార్టన్‌ను ఎంచుకున్నాడు, అంతే. సమాధానం పంపడానికి మనకు రెండున్నర రోజులు పట్టింది. కొనుగోలు రిజిస్టరు, గేటు దగ్గరి తూకం చీటీ, గ్రేడింగ్ నోటు పుస్తకం, ఫ్రీజర్ లాగ్, కోల్డ్ స్టోర్ ఎక్సెల్ షీటు అన్నీ ముందు వేసుకుని కూర్చుంటే, ఒకే లాట్‌కు ఐదు చోట్ల నాలుగు వేర్వేరు బరువులు కనిపించాయి. రాసినవారిలో ఎవరూ అబద్ధం రాయలేదు. ఒకరు ఐస్‌తో తూచారు, ఒకరు నీరు కారిన తర్వాత తూచారు, ఒకరు తల తీసిన తర్వాత తూచారు, ఇంకొకరు గ్లేజింగ్‌తో కలిపి రాశారు, చివరివారు పక్క పుస్తకం చూసి ఎక్కించుకున్నారు. ఏది ఏ దశ బరువో ఆ పుస్తకాల్లో ఎక్కడా రాసి లేదు.

రొయ్య కొనేవారు ఇప్పుడు రొయ్యతో పాటు దాని చరిత్రను కూడా కొంటున్నారు. ఐరోపా సమాఖ్య 2016లో మన పెంపకపు రొయ్యల కన్సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి దిగుమతయ్యే రొయ్యలకు పెంపకం, పట్టుబడి వివరాలు చూపడాన్ని తప్పనిసరి చేసింది. ఆ చరిత్రను అడిగిన గంటలో చూపలేకపోతే, మన ఫ్రీజర్లు ఎంత చల్లగా ఉన్నా ఉపయోగం లేదు.

రెండవ కారణం ఖర్చు. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, ఏ సైజును ఏ ప్యాకింగులో అమ్మితే మనకు ఏమైనా మిగులుతుందో చెప్పమని నేను అడిగాను. అకౌంట్స్ విభాగం నెల ముగిసిన తర్వాత, అది కూడా ఫ్యాక్టరీ మొత్తానికి కలిపి చెప్పగలిగింది. అది వారి లోపం కాదు, ఒలుపు దగ్గర ఎంత నిలిచిందో ఆ లాట్ వరకు విడిగా వారికి చేరడం లేదు. సీజనులో మనం రోజుకు 30 టన్నుల ముడి రొయ్య తీసుకుంటున్నాం. అందులో దిగుబడి ఒక్క శాతం తగ్గితే రోజుకు 300 కిలోలు పోయినట్టు. ఆ 300 కిలోల సంగతి మరునాడు ఉదయమే తెలిస్తే సూపర్‌వైజరు కత్తిరింపు సరిచేయగలడు, నెలాఖరున తెలిస్తే నేను కోప్పడగలను, అంతకు మించి చేయగలిగింది లేదు.

మూడవది చట్టం. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి నమోదునూ ఎవరు, ఎప్పుడు మార్చారో చెరపడానికి వీల్లేకుండా నిలిచి ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. మన అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో అది ఉంది. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లే అంకె పుట్టేది ఎక్సెల్ షీట్లలో, వాటిని ఎవరు దిద్దారో దేవుడికే తెలియాలి.

ఇక ఏమి మారుతుందో చెబుతాను.

ఏ పని జరిగిన చోట ఆ పని చేసిన మనిషే, జరిగిన సమయంలోనే, ఒక్కసారి మాత్రమే నమోదు చేయాలి. మిగతా మార్పులన్నీ దీని నుంచే పుడతాయి. విడవలూరులోనో ఇందుకూరుపేటలోనో చెరువు గట్టు మీద తూకం వేసే మన మనిషి, కౌంటు, బరువు, ధర అక్కడే ఫోనులో ఎక్కిస్తాడు. తీరం ఊళ్లలో సిగ్నల్ సంగతి నాకు తెలుసు కాబట్టి, సిగ్నల్ లేకపోయినా నమోదై, దొరికిన చోట దానంతట అదే పంపే ఏర్పాటు ఉండాలని ఒప్పందంలో రాయించాను. రైతుకు తూకం వివరాలు వెంటనే ఎస్సెమ్మెస్ రూపంలో వెళతాయి. కౌంటు దగ్గర మనకూ రైతులకూ జరిగే వాదనలు దీనితో పూర్తిగా ఆగుతాయని నేను అనను. రాత్రి పొద్దుపోయాక వాట్సాప్‌లో ధర మార్చడం మాత్రం ఆగుతుంది.

లాట్ గేటు దాటగానే దానికి ఒక బార్‌కోడ్ పడుతుంది. గ్రేడింగ్, ఒలుపు, ఫ్రీజింగ్, ప్యాకింగ్ ప్రతి దశలోనూ దానిని స్కాన్ చేసి బరువు ఎక్కించాలి. ఒలుపు విభాగంలోని అక్కచెల్లెళ్లు కంప్యూటరు ముట్టుకోవలసిన అవసరం లేదు, వారి ట్రేల తూకాన్ని త్రాసు నుంచే సిస్టం తీసుకుంటుంది. పీసు రేటు లెక్క మీద వారికి ఉన్న ఫిర్యాదులు న్యాయమైనవేనని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇకపై ప్రతి ఒక్కరూ తమ లెక్కను ఏ రోజుకారోజు చూసుకోవచ్చు.

స్టోర్స్‌లో పర్చేజ్ ఆర్డరు లేని సరుకును గేటు లోపలికి రానివ్వరు. ఆర్డరు, వచ్చిన సరుకు, సరఫరాదారు బిల్లు మూడూ సరిపోలితేనే చెల్లింపు కదులుతుంది. కార్టన్లు, పాలిథిన్, రసాయనాలు, కంప్రెసరు విడిభాగాలు ఏవైనా సరే ఇదే పద్ధతి. అర్ధరాత్రి కంప్రెసరు ఆగితే ఏం చేయాలని మెయింటెనెన్స్ వారు ఇప్పటికే అడిగారు. షిఫ్టు ఇన్‌చార్జి అత్యవసర ఆమోదం ఇచ్చే వీలు ఉంటుంది, మరునాడు దాని కారణం రాయాలి.

తప్పు ఎక్కితే చెరపడం ఉండదు, దానికి ఎదురు నమోదు వేసి సరిదిద్దాలి. ఒకరి లాగిన్‌తో ఇంకొకరు పని చేయడం ఉండదు. ఆర్డరు పెట్టినవారే బిల్లును ఆమోదించడం ఉండదు. ఈ మూడూ మొదట్లో చిరాకు తెప్పిస్తాయి.

అందరికంటే ఎక్కువ చిరాకు నాకే కలుగుతుంది. ఈ సంస్థలో నేను ఫోను చేసి "ఆ లారీ పంపండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే లారీ వెళ్లిపోతుంది. జనవరి తర్వాత నేను అలా ఫోను చేస్తే, సిస్టంలో ఆమోదం లేదని డిస్పాచ్ వారు నాకు చెప్పాలి. చెప్పినందుకు ఎవరి మీదా నేను కోపగించుకోను. కోపగించుకుంటే జనరల్ మేనేజరు గారు ఈ సభలో నేను అన్న మాటను నాకు గుర్తు చేయవచ్చు.

కొన్నేళ్ల కిందట మనం ఒక సాఫ్ట్‌వేరు కొని ఎనిమిది నెలల్లో మూలపడేసిన సంగతి పాతవారికి జ్ఞాపకం ఉంటుంది. ఆ తప్పు నాది. దానిని కంప్యూటరు వ్యవహారం అనుకుని ఐటీ విభాగంలోని ఇద్దరి మీద వదిలేశాను. మన పద్ధతి ఏమిటో మనం తేల్చుకోకుండా, అడిగిన ప్రతివారికీ ఒక ప్రత్యేక స్క్రీను చేయించాను. ఈసారి ప్రతి విభాగం నుంచి, లేకపోతే పని ఆగిపోతుందనిపించే మనిషినే ప్రాజెక్టుకు ఇవ్వమని అధిపతులను అడిగాను. వారు వారంలో మూడు రోజులు ఈ పనికే కేటాయిస్తారు, వారి రోజువారీ పనికి మనుషులను సర్దే బాధ్యత అధిపతులది.

ఆ బృందం మొదటి పని పేర్లు సరిచేయడం. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ సగం ప్రాజెక్టు అదే. మన షీట్లలో ఒకే సరుకు `PD 26-30 IQF`, `26/30 PD`, `P&D 26/30`, `PD2630` అని నాలుగు పేర్లతో ఉంది. మనుషులకు అది ఒకటే అని తెలుసు, సిస్టంకు అవి నాలుగు సరుకులు. రైతు దగ్గర కౌంటు కిలోకు, ఎగుమతి సైజు పౌండుకు లెక్కిస్తాం. ఆ మార్పిడి ఇప్పటివరకు మన సీనియర్ల బుర్రల్లో ఉంది, ఇకపై అది సిస్టంలో ఒకే చోట రాసి ఉండాలి.

తేదీ గురించి అకౌంట్స్ విభాగం వాదన న్యాయమైనది. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1న తెరిస్తే ప్రారంభ నిల్వలు తేలికగా కుదురుతాయి. కానీ ఏప్రిల్ అంటే మనకు వేసవి పంట పట్టుబడులు ముంచుకొచ్చే సమయం. 1999లో అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ పండగ అమ్మకాల ముందు కొత్త సిస్టం తెరిచి, గోదాముల్లో సరుకు ఉండి కూడా దుకాణాలకు పంపలేకపోయింది. అంత పెద్ద కంపెనీయే తట్టుకోలేని దెబ్బ మనం తట్టుకోలేం. అందుకే లారీలు తక్కువ వచ్చే జనవరిని ఎంచుకున్నాను. డిసెంబరు 31 రాత్రి కోల్డ్ స్టోరులోని ప్రతి కార్టన్‌ను లెక్కించి ఆ అంకెతోనే మొదలుపెడతాం. ఈసారి సంక్రాంతి సెలవులు వంతులవారీగా ఉంటాయని ఇంట్లో ఇప్పుడే చెప్పుకోండి.

ఉద్యోగాల గురించి మీరు అడగకముందే చెబుతాను. ఈ ప్రాజెక్టు కారణంగా ఎవరినీ తీసివేయం. చీటీలు చూసి ఎక్సెల్‌లో ఎక్కించే పని మాత్రం పోతుంది. ఆ పని చేస్తున్న ఏడుగురికీ లాట్ పరిశీలనలో, బార్‌కోడ్ నిర్వహణలో శిక్షణ ఇస్తాం, జీతం తగ్గదు. మొదటి రెండు నెలలు పని సులువవుతుందని హామీ ఇవ్వలేను. అవి కష్టంగా ఉంటాయి, ఆ రెండు నెలల అదనపు గంటలకు ఓవర్‌టైం ఇస్తాం.

అక్టోబరు, నవంబరుల్లో నిజమైన లాట్లతో పరీక్షలు నడుస్తాయి. అప్పుడు ఏ స్క్రీను మీ పనికి సరిపోవడం లేదో గట్టిగా చెప్పండి. జనవరి తర్వాత చెబితే దిద్దడానికి ఖర్చు ఎక్కువ, నాకు ఓపిక తక్కువ.

మీరు ఇప్పుడు వాడుతున్న నోటు పుస్తకాలు, మీ సొంత ఎక్సెల్ షీట్లు, గోడకు అంటించిన పట్టికలు ఏవీ పారేయకండి, రేపు ఉదయం పది గంటలకు వాటన్నిటితో విభాగ ప్రతినిధులు పై అంతస్తు హాలుకు రావాలి. కొనుగోలు విభాగంతో మొదలుపెడతాం. హాలు మళ్లీ నడపడానికి ఇంకా పదిహేను నిమిషాలు ఉంది, ప్రశ్నలు ఉన్నవారు అడగండి.