గుంట లెక్కలు: కోడ్ పేర్లు (చదివాక డిలీట్ చేసేయండి)

అందరూ ఒక్కసారి పూర్తిగా చదవండి, మళ్ళీ మళ్ళీ చెప్పను. పోయినసారి మస్తాన్ పుట్టినరోజుకి మనం పెట్టిన గ్రూప్ పేరు ఏందో గుర్తుందా? ‘చేపల పులుసు’. శిరీష నా ఫోన్లో ఆ పేరు చూసి "నన్నెందుకు కలపలేదు" అని రెండు రోజులు అలిగింది. నెల్లూరులో చేపల పులుసు అంటే ఎవరు ఊరుకుంటారు చెప్పండి! ఈసారి పుట్టినరోజు ఆమెదే, పైగా బల్ల మీద ఎవరి ఫోన్ మెరిసినా ఆ లైను చదివేసే రకం. అందుకే కొత్త గ్రూప్ పేరు ‘గుంట లెక్కలు’. మనం ఐదుగురం కలిసి రొయ్యల గుంటలో తలా కొంచెం పెట్టుబడి పెట్టాం, అంతే. వాళ్ళ మావయ్యకి గుంటలున్నాయి కాబట్టి ఆ గొడవ వింటేనే ఆమెకి ఆవలింతలొస్తాయి. అందుకే మాటలు మాత్రం నిజం గుంటవాళ్ళు మాట్లాడినట్టే ఉండాలి.

శిరీష పేరు ‘కరెంటు’. కరెంటు పోయింది అంటే ఇంట్లోంచి బయల్దేరింది, కరెంటు వచ్చింది అంటే మన దగ్గరికి వచ్చేసింది, వెంటనే లైట్లు ఆపేయాలి (అవును, తిరగేసి ఉంది, కంగారులో తప్పు చేయకండి).

మనకి ఊళ్ళ పేర్లు. మస్తాన్ అల్లూరు, స్వాతి ముత్తుకూరు, కిట్టు ఇందుకూరుపేట, నేను బోగోలు. హేమ విడవలూరు కావాలంది, వాళ్ళ అమ్మమ్మది ఆ ఊరే కాబట్టి ఇవ్వను, తను కావలి. పేరుకీ మనిషికీ లింకు ఉంటే దొరికిపోతాం. 1940లో జర్మనీవాళ్ళు ఒక రేడియో యంత్రానికి వోటాన్ అని పేరు పెడితే, వోటాన్ ఒంటికన్ను దేవుడు కదా, అంటే ఇది ఒకే కిరణంతో పనిచేస్తుందేమో అని బ్రిటిష్ వాళ్ళు ఊహించేశారు. శిరీష అంతకంటే తక్కువదేం కాదు.

బెలూన్లు, డెకరేషన్ అంతా ‘బ్లీచింగ్’. కేక్ ‘సీడ్’. బ్లీచింగ్ అయ్యాకే సీడ్ దిగుతుంది, ముందు సీడ్ గురించి అడగకండి, మావయ్య చూస్తే నవ్వుతాడు. భోజనాలు ‘మేత’. స్పీకర్ ‘జనరేటర్’. గిఫ్ట్‌కి కిట్టు ‘మందు’ అన్నాడు, వద్దు బాబూ, ఇంట్లోవాళ్ళు చదివితే వేరే గొడవ. ‘ప్రోబయోటిక్’ అందాం.

ఎంతమంది వస్తున్నారో ‘కౌంట్’. వచ్చేవాళ్ళకి ముప్పై కలిపి రాయండి. ఇప్పటికి 24 మంది, అంటే 54 కౌంట్. ఊరికే 24 అని రాస్తే, కేజీకి 24 మాత్రమే తూగేంత పెద్ద రొయ్య మనకెక్కడ పడిందని అడుగుతారు. డబ్బులు బస్తాల్లో, ఒక బస్తా ఐదొందలు. తలా రెండు బస్తాలు, హేమా నీది ఇంకా రాలేదు.

చోటు స్వాతి వాళ్ళ మేడ, వేదాయపాళెం, అది ‘రెండో గుంట’. వాన పడితే కింద హాల్లో, అది ‘మొదటి గుంట’. పార్టీ ‘పట్టుబడి’, శనివారం రాత్రి 7:30కి. గుంటలో పట్టుబడి ఎక్కువగా తెల్లవారకముందే కదా, కాబట్టి టైములన్నీ మూడు గంటలు తగ్గించి, ‘తెల్లవారుజామున నాలుగున్నర’ అని రాయాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది ‘డీవో’. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు పైకి తేలతాయి, అట్లా శిరీషకి అనుమానం వస్తే ‘డీవో పడింది’ అని పెట్టండి. అప్పుడు ఎవరో ఒకరు ‘ఏరేటర్లు వేశాను’ అనాలి, అంటే ఆమెకి ఫోన్ చేసి వేరే కబుర్లలో పెట్టాలి. ఆ పని అల్లూరుది, మస్తాన్ మాటలు మొదలుపెడితే ఆమె గంట దాకా ఫోన్ పెట్టలేదు.

శనివారం సాయంత్రం కావలి ఆమెని చీర మార్చాలనే వంకతో ట్రంక్ రోడ్డుకి తీసుకెళ్తుంది. అప్పుడు గ్రూప్‌లో ఇట్లా ఉండాలి:

"కరెంటు పోయింది, కావలి చూసుకుంటోంది."
"రెండో గుంటలో బ్లీచింగ్ అయిందా?"
"అయింది. సీడ్ ఇందుకూరుపేట నుంచి బయల్దేరింది."
"మేత 54 కౌంట్‌కి సరిపోద్దా?"
"సరిపోద్ది, జనరేటర్ ఒక్కటే మొరాయిస్తోంది."

పార్టీ, కేక్, సర్‌ప్రైజ్ అనే మాటలు గానీ, కేక్ బొమ్మలు గానీ ఎవరైనా వాడితే అదనంగా ఒక బస్తా. వాయిస్ మెసేజ్‌లు అసలొద్దు, కిట్టూ నీకే.

చదివినవాళ్ళు కొత్త గ్రూప్‌లో ‘మేత దిగింది’ అని పెట్టండి. ఇది డిలీట్ చేయడం మర్చిపోవద్దు.