ఆవకాయ 2026: కొత్త రేట్లు, బుకింగ్ తేదీలు, ఈ ఏడాది ఆఫర్

(చివరిగా మార్చింది: 2026 ఏప్రిల్ 20)

పోయినేడు కొన్నవాళ్ళు ఫోన్లో దాచుకున్న లింకు నొక్కి వచ్చి ఉంటే మీరు సరైన చోటికే వచ్చారు. పేజీ అదే, అడ్రస్ చివర ఎప్పట్లాగే /avakaya అనే ఉంటుంది, కానీ రేట్లూ తేదీలూ మాత్రం ఇవాళ్టివి. రెండేళ్ళ కిందట ఒకరు పాత వాట్సాప్ ఫొటోలో రేటు చూసి అంతే డబ్బు పంపేసి, మిగతాది అడిగితే కోప్పడ్డారు, ఆవిడ తప్పేం లేదు, ఆ ఫొటో మేం పంపిందే. అందుకే ఇప్పుడు ఫొటోలు పంపడం మానేశాం, ఎవరడిగినా ఈ లింకే ఇస్తున్నాం. పైనున్న తేదీ చూసుకోండి చాలు.

ఈ ఏడాది రేట్లు (కిలో)

ఆవకాయ 480, వెల్లుల్లి వేసింది 500, పెసరావకాయ 500, బెల్లం ఆవకాయ 520, మాగాయ 560. అన్నీ జీఎస్టీ కలిపే. కిందటి సెప్టెంబరు 22 నుంచి పచ్చళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా మరి రేటెందుకు పెంచారని అడుగుతారని తెలుసు. పోయినేడు ఆవకాయ 470, ఇప్పుడు పది రూపాయలు పెరిగింది, ఆ తగ్గిన పన్నుని నువ్వుల నూనె, ఎండుమిర్చి తినేశాయండీ, పన్ను తగ్గకపోయుంటే 500 దాటేది. నూనె మార్చి రేటు తగ్గించమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు, మా అత్తయ్య వినలేదు, నేనూ వినలేదు.

ఆఫర్

మే 10 లోపు మూడు కిలోలు (ఏవైనా కలిపి) బుక్ చేస్తే పావుకిలో మాగాయ ఉచితం, ఐదు కిలోలు దాటితే ఆంధ్ర, తెలంగాణలో ఎక్కడికైనా కొరియర్ ఖర్చు మాదే. పోయినేటి "పాత జాడీ తెస్తే 50 తగ్గింపు" ఆఫర్ ఈసారి లేదు. జాడీలు కడిగి ఎండబెట్టి తేమ లేదని నమ్మకం కుదిరేసరికి మాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకా ఆ కూపన్ దగ్గరుంటే పారేయకండి, చెప్పండి, ఈ ఏడాది బిల్లులో తగ్గిస్తాం, మాటిచ్చాం కాబట్టి.

ఎప్పుడు పెడతాం, ఎప్పుడు పంపుతాం

మూడు విడతలు. మొదటిది మే 4న, రెండోది మే 18న, ఆఖరిది జూన్ 1న పెడతాం. కలిపిన మూడో రోజు తిరగేసి, నూనె, ఉప్పు సరిచూసి, నాలుగో రోజు ప్యాక్ చేస్తాం, అంతకుముందు పంపమని అడగొద్దు. ఈసారి మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి సారె ఆర్డర్లన్నీ మొదటి విడతలోనే మీద పడుతున్నాయి. సారెకి కాకుండా ఇంట్లోకే అయితే రెండో విడత తీసుకోండి, తొందరా ఉండదు, కాయ కూడా అప్పటికి బాగా ముదురుతుంది. జూన్ మొదటి వారం తర్వాత వానొస్తే కాయ పనికిరాదు, ఆ తర్వాత ఎంత బతిమాలినా పెట్టం.

మేం పెట్టే పద్ధతి (ఇది ఏ ఏడాదీ మారదు)

కాయ నూజివీడు చుట్టుపక్కల తోటల్లోంచి, చాలనప్పుడు నున్న మార్కెట్ నుంచి. పుల్లగా, పీచుతో, కండ గట్టిగా ఉండాలి. అంతకన్నా ముఖ్యం టెంక. లేతగా ఉంటే కత్తిపీట మీద పెట్టగానే టెంక చిట్లి ముక్క నుంచి ఊడిపోతుంది, మరీ పండుబారితే రెండు నెలలకే ముక్క మెత్తబడుతుంది. అత్తయ్య బస్తాలోంచి ఐదు కాయలు తీసి కొట్టి చూస్తుంది, అందులో రెండు నచ్చకపోయినా బస్తా వెనక్కే. కాయలు కడిగాక ఒక్కోటీ గుడ్డతో తుడుస్తాం, ముక్క కొట్టాక జీడి తీసేసి టెంకకి లోపల అంటుకున్న ఆ పల్చటి పొర కూడా తీసి మళ్ళీ తుడుస్తాం. ఆ పొర దగ్గరే చాలామంది బద్ధకిస్తారు, విసుగు పనే మరి.

కొలత: ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒకటి, ఆవపిండి ఒకటి, దంచిన కళ్ళుప్పు ముప్పావు, మెంతులు గుప్పెడు, నూనె ముక్క మునిగేదాకా. ఆవాలు ఎండలో పెట్టి పూర్తిగా చల్లారాకే ఆడిస్తాం, వేడి మీద ఆడిస్తే పిండి చేదెక్కుతుంది. రహస్యం కాదు కాబట్టే రాస్తున్నాం, ఇంట్లో పెట్టుకోగలిగినవాళ్ళు పెట్టుకోండి, సందేహం ఉంటే అడగండి కూడా.

ఎక్కువమంది అడిగేవి

*ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది?* ఏడాది. తడి గరిటె పెడితే వారమే. పైన నూనె తేలుతూ ఉండాలి, తగ్గితే నువ్వుల నూనె కాచి చల్లార్చి పోసుకోండి.

*ఉప్పు ఎక్కువైందేంటి?* కొత్తల్లో అలాగే ఉంటుంది, నెలకి ముక్క ఉప్పు పీల్చుకుంటుంది. అప్పటికీ ఎక్కువనిపిస్తే చెప్పండి.

*సీసాలో వస్తుందా?* రాదు. పోయినేడు సీసాల్లో పంపితే దారిలో కొన్ని పగిలాయి, ఒకాయన పార్శిల్ విప్పేసరికి కారం నూనె కారి పక్కనున్న చీరకి కూడా పట్టిందట, చీర డబ్బులు ఇచ్చుకున్నాం. ఇప్పుడు మందపాటి కవర్లో సీలు వేసి, దానిపైన ఇంకో కవరు, పైన అట్టపెట్టె. ఇంటికి రాగానే జాడీలోకి మార్చుకోండి.

*అమెరికాకి పంపుతారా?* పంపుతాం, కానీ లెక్క మారింది. కిందటి ఆగస్టు 29 నుంచి అక్కడ 800 డాలర్ల లోపు పార్శిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు తీసేశారు. కాబట్టి కొరియర్ ఛార్జీ కాకుండా సుంకం కూడా పడుతుంది, పంపే రోజున ఎంతుంటే అంత, ముందే చెప్పి మీరు సరే అన్నాకే పెట్టె కడతాం. కిలో, రెండు కిలోలకైతే గిట్టుబాటు కాదండీ, నిజం చెప్తున్నా. సెలవులకి ఇక్కడికి వచ్చినవాళ్ళ చేత తెప్పించుకోండి, విమానంలో తీసుకెళ్ళేలా గట్టిగా సీలు వేసి ఇస్తాం, దానికి వేరే డబ్బు లేదు.

పాత రేట్లు

2025లో ఆవకాయ 470, మాగాయ 540. 2024లో ఆవకాయ 440, మాగాయ 500. ఎవరూ అడగకపోయినా ఇక్కడ ఉంచుతున్నాం, ఏటా ఎంత పెంచుతున్నామో మీకూ కనపడాలి.

బుకింగ్

కింద బుక్ చేయండి బటన్ నొక్కి, ఏది ఎంత, ఏ విడత, వెల్లుల్లి వేయాలా వద్దా రాయండి. వెల్లుల్లి సంగతి రాయకపోతే వేయకుండానే పెడతాం. సగం డబ్బు ముందు, సగం ప్యాకింగ్ ఫొటో చూశాక. ఒక విడతకి 300 కిలోలే పెట్టగలం, అది నిండగానే ఈ పేజీ మీద ఆ తేదీ పక్కన "అయిపోయింది" అని రాసేస్తాం. జూన్ తర్వాత వచ్చి చూసినా పేజీ ఇక్కడే ఉంటుంది, అప్పటికి మిగిలిన మాగాయ, తొక్కుడు పచ్చడి ఉంటే వాటి రేట్లు ఉంటాయి, వచ్చే ఏడాదికి ముందే పేరు రాయించుకునే చోటు కూడా అక్కడే పెడతాం. పోయినేడు అలా పేరు రాయించుకున్న 62 మందికి ఈ నెల 15నే కబురు పంపాం, అందనివాళ్ళు ఉంటే ఇదే పేజీలో మీ పాత నంబరు రాసి పంపండి, మొదటి విడతలో మీ కోసం 40 కిలోలు ఏప్రిల్ 30 దాకా పక్కన పెట్టి ఉంచాం.