మరుగు స్థానాలు: పోలిక ప్రశ్నలు (ఇంటర్ మొదటి సంవత్సరం, రసాయన శాస్త్రం)

సమయం: 45 నిమిషాలు. మార్కులు: 25. మరుగు స్థానాలన్నీ సాధారణ వాతావరణ పీడనం దగ్గరివి, °C లో.

"హైడ్రోజన్ బంధం ఉంది కాబట్టి" అని ఒక్క ముక్క రాసి పక్క ప్రశ్నకు పోతే సగం మార్కులే వస్తాయి. రెండు పదార్థాల్లోనూ అణువుల మధ్య ఏ బలాలున్నాయో చెప్పాలి, వాటిలో తేడా ఎక్కడొచ్చిందో చూపించాలి. హైడ్రోజన్ బంధమే లేని జతలు కూడా ఇందులో ఉన్నాయి, చూసుకోండి.

1. "నీళ్ళు 100 °C దగ్గర మరిగితే O–H బంధాలు తెగి, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు పైకి పోతాయి." ఈ వాక్యంలో తప్పేమిటి? నిజంగా ఏ ఆకర్షణలు తెగుతాయి? (2)

2. F₂ (−188), Cl₂ (−34), Br₂ (59), I₂ (184).
అ) ఈ వరుసలో మరుగు స్థానం ఎందుకు పెరుగుతోంది?
ఆ) Cl–Cl బంధ శక్తి మోల్‌కు సుమారు 242 కిలోజౌళ్ళు, I–I ది 151 మాత్రమే. బంధం బలహీనమైన అయోడినే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరుగుతోంది. ఇందులో వైరుధ్యం ఉందా? (4)

3. H₂O (100), H₂S (−60), H₂Se (−41), H₂Te (−2).
అ) H₂S నుంచి H₂Te వరకు పెరుగుదలకు కారణం రాయండి.
ఆ) ఈ మూడింటినీ గ్రాఫ్‌లో కలిపి, గీతను వెనక్కి పొడిగిస్తే నీటి మరుగు స్థానం దాదాపు ఎంత రావాలి?
ఇ) HF లో ఒక్కో హైడ్రోజన్ బంధం నీటిలోని దానికంటే బలమైనది. అయినా HF 19.5 దగ్గరే మరుగుతుంది. ఎందుకు? (6)

(ఇ) చాలామందికి చిక్కుముడి, అందుకే జవాబు ఇక్కడే ఇస్తున్నాను. బంధం ఎంత బలమైనదో చూస్తే సరిపోదు, ఒక్కో అణువు ఎన్ని బంధాల్లో పాల్గొంటుందో కూడా చూడాలి. HF లో ఒంటరి జంటలు మూడున్నా, ఇవ్వడానికి హైడ్రోజన్ ఒక్కటే. అందుకని సగటున ఒక్కో అణువు రెండు బంధాల్లోనే ఉంటుంది, గొలుసులా సాగుతుంది. నీటిలో రెండు హైడ్రోజన్లు, రెండు ఒంటరి జంటలు సరిగ్గా జత కుదురుతాయి కాబట్టి ఒక్కో అణువు నాలుగు బంధాల దాకా ఏర్పరచగలదు. పైగా HF ఆవిరిలో కూడా కొన్ని అణువులు గుంపులుగానే ఉంటాయి, అంటే మరిగేటప్పుడు అన్ని బంధాలూ తెగనక్కర్లేదు. ఇదే లెక్కతో NH₃ (−33) ఎందుకు ఇంకా కింద ఉందో మీరు చెప్పగలగాలి. నైట్రోజన్ మీద ఒంటరి జంట ఒక్కటే అన్నది గుర్తుంచుకోండి.

4. వంటగ్యాస్‌లో ఉండేవి ముఖ్యంగా ప్రొపేన్ (−42), బ్యూటేన్ (−0.5). లంబసింగిలో చలి 0 °C దగ్గరికి దిగిన తెల్లవారుజామున, ఆరుబయట పెట్టిన సిలిండర్‌లోంచి ఏది తేలిగ్గా ఆవిరై వస్తుంది? ఏ బలాల తేడా వల్ల? (2)

5. ఇథనోల్ (78), డైమిథైల్ ఈథర్ (−24). రెండింటి ఫార్ములా C₂H₆O, అణుభారం 46.
అ) ఈథర్‌లోనూ ఆక్సిజన్, హైడ్రోజన్ రెండూ ఉన్నాయి. మరి దాని అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధం ఎందుకు ఏర్పరచుకోలేవు?
ఆ) 1-బ్యూటనోల్ 118 దగ్గర, డైఈథైల్ ఈథర్ 35 దగ్గర మరుగుతాయి. కానీ నీటిలో రెండూ దాదాపు ఒకే మోతాదులో కరుగుతాయి. ఎలా? (5)

సూచన: హైడ్రోజన్ ఇచ్చేదొకరు, ఒంటరి జంట ఇచ్చేదొకరు. ఈథర్‌కు రెండోది మాత్రమే చేతనవును.

6. ఆర్థో-నైట్రోఫినోల్ (216), పారా-నైట్రోఫినోల్ (279). ఆర్థోలో OH, NO₂ పక్కపక్కన ఉంటాయి. బొమ్మ గీసి కారణం రాయండి. బొమ్మ లేకపోతే ఒక మార్కు కోత. (3)

7. CHCl₃ (61) ధ్రువ అణువు, CCl₄ (77) అధ్రువ అణువు. "ధ్రువమైనదే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుంది" అనే మాట ఇక్కడ ఎందుకు తప్పింది? (3)

జవాబులో ఇవి ఉండాలి: CCl₄ లో ద్విధ్రువ భ్రామకం సున్నా, కాబట్టి అక్కడ ఉన్నవి లండన్ బలాలే. కానీ హైడ్రోజన్ స్థానంలో పెద్ద క్లోరిన్ చేరడంతో మొత్తం ఎలక్ట్రాన్లు 58 నుంచి 74 కి పెరిగాయి, ఎలక్ట్రాన్ మేఘం సులువుగా చెదురుతుంది. అలా పెరిగిన లండన్ బలం, CHCl₃ లోని ద్విధ్రువ ఆకర్షణను దాటిపోయింది. "లండన్ బలాలు ఎప్పుడూ బలహీనమే" అని రాసిన వాళ్ళు రెండో ప్రశ్నలోని అయోడిన్‌ను మళ్ళీ చూడండి. అది గది ఉష్ణోగ్రత దగ్గర ఘనపదార్థం, అణువులను పట్టి ఉంచుతున్నది ఆ బలాలే.