మీ రాజీనామా ఆమోదం, జూలై 15 వరకు మనం చేసుకోవాల్సిన పనులు

తేదీ: 5 జూన్ 2024, గుంటూరు

లావణ్య గారికి,

నమస్కారం. శనివారం సాయంత్రం మీరు ఇచ్చిన రాజీనామా లేఖ అందింది. నిన్న ఓట్ల లెక్కింపు కదా, యూనిట్ తెరవలేదు. అందుకే జవాబు రాయడం ఈ రోజుకు కుదిరింది. మీ రాజీనామాను కంపెనీ తరఫున ఆమోదిస్తున్నాను. మీ వారికి విశాఖపట్నం బదిలీ అయింది, అక్కడ రొయ్యల ఎగుమతి యూనిట్‌లో ల్యాబ్ ఉద్యోగం మీకు ఖాయమైంది. ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది? ఉండిపొమ్మని ఒత్తిడి చేయను. అయితే ఒక్క విషయంలో మాత్రం మీ లేఖకు చిన్న మార్పు అడుగుతున్నాను. ఆ మార్పు మీ కోసమే.

చివరి పని దినం జూలై 2 అని రాశారు. మీరు చేరింది 2015 జనవరి 12న. జూలై 2కి లెక్కేస్తే తొమ్మిదేళ్ల ఐదు నెలల ఇరవై రోజులు అవుతుంది. గ్రాట్యుటీ లెక్కలో చివరి ఏడాది ఆరు నెలలు దాటితేనే దాన్ని పూర్తి సంవత్సరంగా తీసుకుంటారు. అంటే కొద్ది రోజుల తేడాతో మీకు తొమ్మిదేళ్ల గ్రాట్యుటీయే వస్తుంది. జూలై 15, సోమవారం దాకా ఉంటే పదేళ్లకు వస్తుంది. మీ బేసిక్, డీఏ కలిపి 31,200. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి 18,000. తొమ్మిదేళ్లకు 1,62,000, పదేళ్లకు 1,80,000. మీ కష్టార్జితంలో పద్దెనిమిది వేలు తేదీ చూసుకోకపోవడం వల్ల పోకూడదు. కొత్త చోట చేరేది జూలై 22న అని రాశారు కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. సామాన్లు సర్దుకోవడానికి, పాప స్కూల్ అడ్మిషన్‌కు మధ్యలో నాలుగు రోజులు సెలవు పెట్టుకోండి. మీ ఖాతాలో 34 రోజుల ఈఎల్ ఉంది, అది వాడుకున్నా సర్వీసు తెగదు. సరేనంటే ఈ మెయిల్‌కే ఒక్క ముక్క జవాబు ఇవ్వండి, హెచ్‌ఆర్ వాళ్లు తేదీ మార్చేస్తారు. కుదరదంటే మీరు రాసిన జూలై 2నే ఖాయం చేస్తాం, అందులో నాకు ఏ పట్టింపూ లేదు.

పనుల సంగతికి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి.

2019 మార్చిలో ఆ రాత్రి మీకూ గుర్తుండే ఉంటుంది. మిర్చి కంటైనర్ గేటు దగ్గర నిలబడి ఉంది, హమాలీలు సగం లోడింగ్ కానిచ్చారు. ముందు వరుసలో టిక్కీ బస్తాలు తేమ 10.8 శాతం చూపించాయి, పదకొండు లోపే. రిపోర్టు మీద సంతకం పెట్టేస్తే అయిపోయేది. మీరు మాత్రం వెనక వరుస నుంచి ఒక టిక్కీ దించమన్నారు. కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపారు, గింజ గలగలమనలేదు. మీటర్ పెడితే 14. కాయ విరగకుండా ఉండాలని సరుకు మీద ఎవరో నీళ్లు చల్లి నింపారు. నేను ఆ రాత్రి మీ మీద గట్టిగా అరిచాను. లారీ వెనక్కి పంపితే ఎంత నష్టమో లెక్కలు చెప్పాను. మీరు మెల్లగా, ‘‘సార్, లారీ ఆగితే ఒక రోజు పోతుంది, బూజు పడితే బయ్యరే పోతాడు’’ అన్నారు. పొద్దున టిక్కీలు విప్పితే లోపలి కాయ అరచేతికి చెమ్మ తగిలింది. రెండు రోజులు పట్టాల మీద ఆరబోశాక గానీ సరుకు కదలలేదు. తేమ ఉన్న చోట బూజు నుంచి పుట్టే విషం అఫ్లాటాక్సిన్ పెరుగుతుందని, యూరప్ వాళ్లు మసాలా దినుసుల్లో అఫ్లాటాక్సిన్ బి1ను కిలోకు 5 మైక్రోగ్రాములు దాటనివ్వరని అందరం పుస్తకాల్లో చదివాం. అర్ధరాత్రి గేటు దగ్గర దాని కోసం నిలబడింది మీరొక్కరే. ఆ రాత్రి అరిచినందుకు అప్పట్లో క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఇంకొకటి కూడా. తొడిమలు తీసే హాల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ల కోసం మీరు నాలుగు నెలలు వెంటపడ్డారు. అది మీ పని కాదు, ల్యాబ్ బడ్జెట్టూ కాదు. ఇప్పుడు ఆ హాల్లోకి వెళ్తే ఆడవాళ్లు తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుని కనిపించడం లేదు. మీరు వెళ్లిపోతున్నారని తెలిసి మొన్నటి నుంచి వాళ్లు నన్నే అడుగుతున్నారు, ‘‘మేడమ్ గారిని ఎందుకు పంపిస్తున్నారు సార్’’ అని. నేను పంపించడం లేదని మీరే ఒకసారి వెళ్లి చెప్పండి.

ఇక పనులు. ల్యాబ్ బాధ్యత రమణకు అప్పగిస్తున్నాం. అతనికి మెషీన్లు వచ్చు, రికార్డులు రాయడం వచ్చు. రానిది మీ చేతి నేర్పు. అందుకే జూన్ 17 నుంచి రోజూ ఉదయం రెండు గంటలు అతను మీతోనే ఉంటాడు, ఆ సమయంలో వేరే పని చెప్పవద్దని షిఫ్ట్ వాళ్లకు చెప్పాను. కోల్డ్ స్టోరేజీ నుంచి సరుకు దించినప్పుడు ఏ మూల టిక్కీ నుంచి శాంపిల్ తీయాలి, తాలు కాయ ఎంత శాతం ఉంటే రంగు విలువ పడిపోతుంది, తేజ రకాన్ని వేరే రకంతో కలిపి తెస్తే చూడగానే ఎలా పట్టుకుంటారు, ఇవన్నీ నోట్‌బుక్‌లో మీ మాటల్లోనే రాసి ఇవ్వండి. చక్కగా టైప్ చేయనక్కర్లేదు. నాకు ఈ నెలంతటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ నోట్‌బుక్కే.

దాంతో పాటు హెచ్‌పీఎల్‌సీ, తేమ మీటర్ల క్యాలిబ్రేషన్ రిజిస్టర్లు తాజా చేసి, దాచి ఉంచిన శాంపిళ్ల గది తాళాలు, రిజిస్టరు రమణకు లెక్క చూపించి అప్పగించండి. పాత శాంపిళ్లు ఏవి పారేయవచ్చో, ఏవి ఇంకా ఉంచాలో మీరే గుర్తు పెట్టి వెళ్లండి, తర్వాత మాకు అంతుపట్టదు. బయ్యర్ల వాట్సాప్ గ్రూపుల్లో చివరి వారం రమణను చేర్చి, 15వ తేదీ సాయంత్రం మీరు బయటికి రండి. ల్యాప్‌టాప్, కంపెనీ సిమ్, ఐడీ కార్డు ఆ రోజే ఇస్తే చాలు. ల్యాప్‌టాప్‌లో పాప ఫొటోల్లాంటివి ఉంటే ముందే తీసుకోండి, ఇచ్చిన వెంటనే దాన్ని ఫార్మాట్ చేస్తారు.

నో డ్యూస్ ఫారం మీద స్టోర్స్, అకౌంట్స్, ఐటీ, క్యాంటీన్ సంతకాలు కావాలి. జూలై 10 తర్వాత మొదలుపెడితే సరిపోతుంది. ఎవరైనా రేపు మాపు అని తిప్పితే ఫారం నా టేబుల్ మీద పెట్టి వెళ్లండి, సంతకాలు నేను పెట్టిస్తాను.

డబ్బు విషయం. జూన్ జీతం ఎప్పటిలాగే పడుతుంది. జూలై పదిహేను రోజుల జీతం, వాడుకోని ఈఎల్ సొమ్ము, మిగతా లెక్కలు కలిపి ఫైనల్ సెటిల్‌మెంట్ జూలై 31 లోపు మీ ఖాతాలో వేస్తాం. ఈఎల్ రోజుకు 1,200 చొప్పున, 34 రోజులూ మిగిలితే 40,800, నాలుగు వాడుకుంటే 36,000. మీరు తీసుకున్న అడ్వాన్సులో 12,000 మిగిలింది. జూన్‌లో ఆరు వేలు, జూలైలో ఆరు వేలు కోస్తారు. గ్రాట్యుటీ కోసం ఫారం ఐ నింపి హెచ్‌ఆర్‌లో ఇవ్వండి, చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో ఇవ్వాలి, అంటే ఆగస్టు 14 లోపు. ఆ సొమ్ము మీద మీకు పన్ను పడదు.

పీఎఫ్ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఇల్లు మారేటప్పుడు చేతిలో డబ్బు కావాలనిపిస్తుంది, చాలా మంది మొత్తం తీసేసుకుంటారు. మీరు ఆ పని చేయకండి. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. పదేళ్లు లెక్కకు రాకముందే ఫారం 10సి పెట్టి పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసంతా తుడిచిపెట్టుకుపోతుంది, మళ్లీ మొదటి నుంచి లెక్క. కొత్త కంపెనీలో ఇదే యూఏఎన్ ఇచ్చి, అక్కడ మొదటి నెల పీఎఫ్ జమ అయ్యాక పోర్టల్‌లో `Online Services` కింద `One Member - One EPF Account` నుంచి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. మీరు మానేసిన తేదీని మా వైపు నుంచి ఆగస్టులో నమోదు చేస్తాం. అది పడిందో లేదో మీరూ ఒకసారి చూసుకోండి, అది లేకుండా ట్రాన్స్‌ఫర్ కదలదు.

పన్ను లెక్క కోసం ఏప్రిల్ నుంచి జూలై దాకా మీ జీతం, కోసిన టీడీఎస్ వివరాలు రాసి ఇస్తాం. వాటిని ఫారం 12బిలో కొత్త కంపెనీకి చూపించండి. లేదంటే అక్కడ పన్ను తక్కువ కోసి, వచ్చే ఏడాది రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి మీద పడుతుంది. ఈ నాలుగు నెలల ఫారం 16 వచ్చే జూన్‌లో మెయిల్ చేస్తాం, కాబట్టి మీ సొంత మెయిల్ ఐడీ హెచ్‌ఆర్‌లో ఇచ్చి వెళ్లండి.

గ్రూప్ మెడికల్ పాలసీ మీ చివరి రోజుతో ఆగిపోతుంది. మీ అమ్మగారి శుక్లాల ఆపరేషన్ ఆగస్టులో అనుకుంటున్నామని ఒకసారి అన్నారు. డాక్టర్ ఒప్పుకుంటే జూలై మొదటి వారంలోనే చేయించండి, కార్డు అప్పటికి పని చేస్తుంది. ఆ రెండు రోజులు సెలవు కూడా అడగనక్కర్లేదు, నాకు ఫోన్ చేసి చెప్పండి చాలు.

రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రెండూ జూలై 15 సాయంత్రం మీ చేతికి ఇస్తాను. నా పాత ఉద్యోగం మానేసినప్పుడు ఆ ఒక్క కాగితం కోసం రెండు నెలలు తిప్పారు. కొత్త చోట రోజూ అడిగేవాళ్లు, రోజూ టెన్షన్. నా దగ్గర పని చేసినవాళ్లెవరికీ ఆ పరిస్థితి రాకూడదని అప్పుడే అనుకున్నాను. సర్టిఫికెట్‌లో మీ పని గురించి ఏం రాయాలో నాకు బాగా తెలుసు, అయినా డ్రాఫ్టు ఒకసారి మీకు చూపిస్తాను. హోదా, తేదీలు, పేరు స్పెల్లింగ్ సరిచూడండి.

జూలై 9న హెచ్‌ఆర్ మేడమ్ మీతో అరగంట మాట్లాడతారు. ఇక్కడ ఏది బాగాలేదో దాచకుండా చెప్పండి. నా గురించి చెప్పాల్సింది ఉన్నా చెప్పండి, మీ లెక్కల మీదా కాగితాల మీదా దాని ప్రభావం ఏమీ ఉండదు.

జూలై 12, శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరం కలిసి భోజనం చేద్దాం. తొడిమల హాల్ వాళ్లు గోంగూర పచ్చడి తామే తెస్తామన్నారు, పాపనూ మీ వారినీ తీసుకురమ్మని మరీ మరీ చెప్పమన్నారు.

జూలై 15 తేదీ సంగతి మాత్రం ఈ శనివారం లోపు తేల్చి చెప్పండి.

ఇట్లు,
వెంకటేశ్వరరావు
ప్లాంట్ మేనేజర్