షుగరు వచ్చిన అమ్మకు భోజనం కాగితం
(కోడలు చదివి వినిపించాలి)

అమ్మా, పెద్దాసుపత్రిలో మీకిచ్చిన కాగితంలో ఓట్సు, బ్రౌన్ బ్రెడ్డు, బ్రోకలీ ఉన్నాయి. అవి మీ వంటింట్లో లేవు, కొనాల్సిన పనీ లేదు. మీరు రోజూ తినేవాటితోనే షుగరు అదుపులోకి వస్తుంది. ఎంత తినాలి, ఏ వేళకు తినాలి అన్నదే అసలు సంగతి.

మీరు తెచ్చిన చిన్న స్టీలు గిన్నెను ఇక్కడ తూచి చూశాం. అంచు వరకు నింపితే నూటయాభై గ్రాముల అన్నం పట్టింది. ఇకనుంచి అదే మీ కొలత. మధ్యాహ్నం గిన్నెన్నర, రాత్రి ఒక్క గిన్నె. ముందు కూర, పప్పు కంచంలో పెట్టుకుని, ఆ తర్వాత అన్నం వడ్డించుకోండి. కంచంలో సగం కూరే ఉండాలి: ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, వంకాయ, తోటకూర, గోంగూర, ఏదైనా సరే. పావు వంతు పప్పు, ఉలవలు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావే అన్నానిది. కంద, చేమ, చిలగడదుంప కూరల లెక్కలోకి రావు. అవి వండిన పూట అన్నం అరగిన్నె తగ్గించండి. కవ్వళ్లు, మెత్తళ్లు పులుసు పెట్టుకోండి, మంచివే. ఎండుచేపల్లో మాత్రం ఉప్పు ఎక్కువ. మీకు బీపీ కూడా ఉంది కాబట్టి వారానికి ఒక్కసారి, అదీ ఒకటి రెండు ముక్కలు చాలు.

చోడంబలికి షుగరు పెరగదని ఊళ్లో అంటారు. అది నిజం కాదు. చోడి మంచి గింజే, కానీ అదీ పిండే. పల్చగా కాచి గ్లాసుల కొద్దీ తాగితే తొందరగా అరిగి షుగరు ఎక్కుతుంది. పొద్దున ఒక్క గ్లాసే తాగండి. అందులో చోడి పిండి మూడు చెంచాలు దాటకూడదు. నూక వేయకండి, బెల్లం అసలే వద్దు. మజ్జిగ, ఉల్లిపాయ కలుపుకుని, పక్కన ఉడికించిన ఉలవలో గుడ్డో తినండి. అప్పుడు మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది.

టీ రోజుకి నాలుగుసార్లు, ప్రతిసారీ రెండు చెంచాల పంచదార అన్నారు. మొదట మానాల్సింది అదే. టీ రెండుసార్లకు తగ్గించి, పంచదార లేకుండా తాగండి. నాలుగు రోజులు చప్పగా అనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. పనసపండు రెండు తొనలు తినొచ్చు, జీడిపప్పు ఆరేడు పలుకులు. సంక్రాంతికి అరిసె వద్దని నేను అనను. అరిసెలో సగం తినండి, ఆ పూట అన్నం సగం మానండి.

మాత్రల వేళ తప్పొద్దు. గ్లిమిపిరైడ్ పొద్దున అంబలికి కాస్త ముందు. మెట్‌ఫార్మిన్ పొద్దున, రాత్రి తిన్న తర్వాత. గ్లిమిపిరైడ్ వేసుకుని ఏమీ తినకుండా తోటకి వెళ్లకండి, ప్రమాదం. కార్తీక సోమవారం ఉపవాసం ఉండాలనుకుంటే ముందురోజే నాకు ఫోన్ చేయించండి. ఏమీ తినని పూట గ్లిమిపిరైడ్ వేసుకోకూడదు.

చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడగా, కళ్లు మసకగా అనిపిస్తే షుగరు పడిపోయినట్టే. మూడు చెంచాల పంచదార పొట్లం కట్టి ఎప్పుడూ కొంగున ఉంచుకోండి. వెంటనే నీళ్లలో కలుపుకుని తాగి కూర్చోండి. పావుగంటకి తగ్గకపోతే మళ్లీ తాగండి. తేరుకున్నాక అన్నం తినండి. ఒంటరిగా ఉంటే ఎవరినైనా పిలవండి. అమ్మాయీ, అత్తకి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యి.

రాత్రి భోజనం తొమ్మిదింటికి అంటున్నారు. ఏడున్నరకి తినేసి, పెరట్లో పావుగంట నడవండి. తోటలో ఎండలో ఎంత కష్టపడినా, తిన్నాక చేసే ఈ నడక వేరే మేలు చేస్తుంది.

చెప్పుల్లేకుండా జీడితోటలోకి వెళ్లొద్దు. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు కోడలిచేత చూపించుకోండి. జీడి పాలు తగిలి చర్మం కాలితే మీకు పుండు మానడం ఆలస్యమవుతుంది. గింజలు ఒలిచేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి.

మీది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మీకే తెలుసు. షుగరూ, బీపీ రెండూ కిడ్నీల మీదే పడతాయి, నొప్పి బిళ్లలూ అంతే. అందుకే నడుము నొప్పికి మందుల షాపులో అడిగి బిళ్లలు వేసుకోవడం ఈ రోజుతో ఆపేయండి. నొప్పి ఎక్కువైతే నా దగ్గరకి రండి, వేరే దారి చూద్దాం.

వచ్చే నెల మొదటి మంగళవారం పరగడుపున రండి. మూడు నెలల షుగరు పరీక్ష, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూస్తాం. ఆ పొద్దున మాత్రలు వేసుకోకుండా వెంట తెచ్చుకోండి. అంబలి డబ్బా కూడా తెచ్చుకోండి. రక్తం ఇవ్వగానే ఇక్కడే మాత్ర వేసుకుని తినేయొచ్చు.