రిఫరల్ లేఖ: తిరుపతిరావు, 38 ఏళ్లు. కిడ్నీ బయాప్సీ గురించి

తేదీ: 2025 సెప్టెంబరు 3

డాక్టర్ శ్రీధర్ గారికి,
నెఫ్రాలజీ విభాగం, విశాఖపట్నం

రోగి: తిరుపతిరావు, పురుషుడు, 38 ఏళ్లు, కవిటి మండలం. కొబ్బరి దింపు పని.
తొందర: ఈ వారంలోనే చూడవలసిన కేసు.

శ్రీధర్ గారూ, నమస్తే.

అసలు ప్రశ్న ముందే అడిగేస్తాను. ఈయనకు వెంటనే కిడ్నీ బయాప్సీ చెయ్యాలా? చెయ్యాలనే నా అభిప్రాయం. ఊరు ఉద్దానం, ఇంట్లో ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉంది. ఆ రెండూ చూసి దీన్ని కూడా మా ప్రాంతపు జబ్బు కిందే జమకట్టెయ్యడం ఎవరికైనా తేలికే. కానీ ఈయన మూత్రం, బీపీ, క్రియాటినిన్ పెరుగుతున్న వేగం, ఈ మూడూ ఆ లెక్కకు సరిపోవడం లేదు. గ్లోమెరులస్‌లో చురుగ్గా జరుగుతున్న జబ్బేదో ఉందని, దానికి చికిత్స చేసే వ్యవధి ఇంకా మన చేతిలో ఉందని నా అనుమానం.

జూన్ మొదట్లో గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. జ్వరం వచ్చిన రెండో రోజుకే మూత్రం డికాక్షన్ రంగులోకి మారిందట. మూడు రోజుల్లో అదే సర్దుకుంది, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. ఎండ దెబ్బ అనుకున్నారు. జూలై నెల మధ్య నుంచి పొద్దున్న లేవగానే మొహం ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు. ఆగస్టు 6న మా ఓపీకి వచ్చారు. మూత్రం పోసిన చోట నురగ చాలాసేపటి వరకూ తగ్గడం లేదని ఆయన భార్య గమనించి చెప్పారు. మంచి పరిశీలన ఆవిడది, తేదీలన్నీ కూడా ఆవిడ చెప్పినవే. చరిత్ర తీసుకునేటప్పుడు ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోండి.

షుగర్ లేదు. ఇంతకుముందు బీపీ ఉన్నట్టు రికార్డు లేదు. కీళ్ల నొప్పులు, ఒంటి మీద మచ్చలు, నోటి పూత, దగ్గులో రక్తం, ముక్కు నుంచి రక్తం, ఇవేవీ లేవు. వినికిడి బాగుంది. మూత్రం పరిమాణం తగ్గలేదని అంటున్నారు.

మందుల సంగతి మాత్రం ముఖ్యం. చెట్లెక్కే పని కాబట్టి నడుం నొప్పి ఎప్పుడూ ఉండేదే. దింపు పని ఎక్కువగా ఉన్న రోజుల్లో వారానికి రెండు మూడు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు ఊళ్లోనే వేయించుకునేవారు, మధ్యలో అవే మాత్రలు. ఏడాదిన్నరగా ఇదే వరస. మే నెలలో కొన్నాళ్లు ఏదో నాటు పొడి కూడా వాడారు, మిగిలిన పొట్లం వెంట తెమ్మన్నాను. ఆగస్టు 6 నుంచి నొప్పి మందులు, పొడి అన్నీ మానేశారు. భార్య కూడా అదే చెబుతున్నారు కాబట్టి నమ్ముతున్నాను. మానేసిన తర్వాత కూడా క్రియాటినిన్ పెరుగుతూనే ఉంది. అందుకే ఇదంతా మందుల మీదకే నెట్టేసి ఎదురుచూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

క్రియాటినిన్ ఇలా ఉంది (మి.గ్రా./డె.లీ.):
జనవరి, గ్రామ స్క్రీనింగ్ క్యాంపు: 1.1
ఆగస్టు 6: 1.7
ఆగస్టు 20: 2.1
సెప్టెంబరు 2: 2.6

జనవరిలో ఈజీఎఫ్ఆర్ 88 దగ్గర ఉన్న మనిషి ఇప్పుడు 31కి వచ్చారు. ఆ జనవరి చీటీ ఇంట్లో దాచి ఉండడం మన అదృష్టం, అది లేకపోతే ఇది పాతదో కొత్తదో చెప్పడానికి ఆధారమే ఉండేది కాదు. అసలు చీటీ వెంట పంపుతున్నాను, దయచేసి తిరిగి ఆయనకే ఇచ్చెయ్యండి. ఆగస్టు, సెప్టెంబరు పరీక్షలు మూడూ ఒకే ల్యాబులో చేయించినవి.

మూత్రం: ప్రోటీన్ 3+, ప్రోటీన్–క్రియాటినిన్ నిష్పత్తి 3.2 గ్రా./గ్రా. ల్యాబు రిపోర్టులో ఎర్రకణాలు 20–25 అని మాత్రమే రాశారు. నిన్న తాజా మూత్రం సెంట్రిఫ్యూజ్ చేయించి స్లైడు నేనే చూశాను. ఎర్రకణాల్లో చాలా వాటి ఆకారం చెడిపోయి ఉంది, అంచుల్లో బుడిపెలు ఉన్నవి కనిపించాయి. ఒక చోట స్పష్టంగా ఎర్రకణాల కాస్ట్ దొరికింది. మా టెక్నీషియన్‌కూ చూపించాను, ఆయనా అదే అన్నారు. మా మైక్రోస్కోప్ పాతది, కాబట్టి మీరు మరోసారి చూడండి. అయినా ఆ కాస్ట్ విషయంలో నాకు అనుమానం లేదు.

రక్తం: హిమోగ్లోబిన్ 10.2, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, ఇయోసినోఫిల్స్ మామూలే. ఆల్బుమిన్ 2.9, పొటాషియం 4.9, బైకార్బనేట్ 19. హెచ్‌బీఏ1సీ 5.4. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి నెగెటివ్. ఐఎన్ఆర్ 1.0. సీ3, సీ4, ఏఎన్ఏ శాంపిళ్లు నిన్ననే శ్రీకాకుళం పంపాను, రాగానే మీకు వాట్సాప్ చేస్తాను. ఆన్కా, యాంటీ జీబీఎం ఇక్కడ వీలు పడలేదు, అవి మీ దగ్గరే చేయించాలి.

అల్ట్రాసౌండ్ (ఆగస్టు 21): కుడి కిడ్నీ 10.4 సెం.మీ., ఎడమది 10.6. ఎకో కొద్దిగా పెరిగింది, కార్టెక్స్–మెడులా తేడా నిలిచే ఉంది. రాళ్లు, అడ్డంకి లేవు.

పరీక్షలో: మొదటి రోజు బీపీ 162/98, నిన్న 138/86. మోకాళ్ల కింది దాకా నొక్కితే గుంట పడే వాపు ఉండేది, ఇప్పుడు చీలమండల దగ్గరే మిగిలింది. బరువు 61 నుంచి 58 కిలోలకు దిగింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కుడి కాలి ముందు భాగంలో రెండు మానిన పుండ్ల మచ్చలున్నాయి, చెట్టు గీసుకుపోయి చీము పట్టాయట, ఏ నెలలోనో గుర్తు లేదంటున్నారు. ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే నెఫ్రైటిస్‌ను పూర్తిగా తీసిపారేయలేకపోవడానికి ఆ మచ్చలే కారణం.

ఇక అన్నగారి విషయం. ఈయన అన్నయ్య 44 ఏళ్లకే వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళుతున్నారు, తండ్రి కూడా కిడ్నీ జబ్బుతోనే పోయారు. అన్నయ్య ఫైలు తెప్పించి పక్కన పెట్టుకుని చూశాను. ఆయనకు జబ్బు బయటపడినప్పటికే కిడ్నీలు 8 సెం.మీ. లోపలికి కుంచించుకుపోయాయి. మూత్రంలో ప్రోటీన్ ట్రేస్, ఎర్రకణాలు లేవు, బీపీ చాలాకాలం మామూలుగానే ఉంది, క్రియాటినిన్ ఏళ్ల తరబడి మెల్లగా ఎక్కింది. మనం ఉద్దానంలో రోజూ చూసే ట్యూబ్యులో ఇంటర్‌స్టీషియల్ జబ్బు అచ్చంగా అలాగే ఉంటుంది. తమ్ముడిది దానికి అడుగడుగునా ఎదురు. ఒకే ఇల్లు, ఒకే బావి నీళ్లు, ఒకే పని అయినంత మాత్రాన ఒకే జబ్బు కానక్కర్లేదు. రెండూ కలిసి ఉండే అవకాశమూ లేకపోలేదు. అందుకే బయాప్సీలో జబ్బు పేరుతో పాటు మచ్చకట్టిన భాగమెంత, ఇంకా కాపాడుకోగల భాగమెంత అన్నది కూడా నాకు తెలియాలి.

జ్వరంతో పాటే మూత్రం రంగు మారింది కాబట్టి ఐజీఏ నెఫ్రోపతీ నా మొదటి అనుమానం. ఈ వేగం చూస్తే క్రెసెంట్లు ఉన్నాయేమోనని భయం. ఆన్కా జబ్బు, ఇన్ఫెక్షన్ తర్వాతి నెఫ్రైటిస్, నొప్పి మందుల ప్రభావం ఆ తర్వాత.

ఇప్పుడు వాడుతున్నవి: ఆమ్లోడిపిన్ 10 మి.గ్రా. రోజుకొకటి, ఫ్రూసెమైడ్ 40 మి.గ్రా. పొద్దున్న, సోడియం బైకార్బనేట్ 500 మి.గ్రా. మూడు పూటలా. క్రియాటినిన్ కదులుతూ ఉంది, పొటాషియం 4.9 ఉంది కాబట్టి టెల్మిసార్టాన్ మొదలుపెట్టలేదు, ఆ నిర్ణయం మీకే వదిలేస్తున్నాను. స్టెరాయిడ్లు కావాలనే ఇవ్వలేదు, బయాప్సీకి ముందు చిత్రం చెరపకూడదని. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివేవీ వాడటం లేదు. ఏ మందుకూ అలర్జీ లేదు.

బయాప్సీ వద్దని మీరు అనుకుంటే కారణం రెండు ముక్కల్లో రాయండి, ఆ మేరకు నేను ఇక్కడ చూసుకుంటాను. చేస్తే మాత్రం, రిపోర్టు వచ్చేదాకా ఆగాలా, ఈలోగా స్టెరాయిడ్ మొదలుపెట్టాలా అన్నది కూడా చెప్పండి. చికిత్స మీరు మొదలుపెడితే వారం వారం బీపీ, బరువు, క్రియాటినిన్, పొటాషియం ఇక్కడ చూసి మీకు పంపే పూచీ నాది. రోజుకూలీ మనిషిని ప్రతి చిన్న రక్త పరీక్షకూ విశాఖ తిప్పొద్దు.

ఆయన మనసు గురించి ఒక్క మాట. తనకూ అన్నకు వచ్చిందే వచ్చిందని ఇప్పటికే తీర్మానించేసుకున్నారు. సూది గుచ్చితే ఉన్న కిడ్నీ కూడా పోతుందని ఊళ్లో ఎవరో చెప్పారట. బయాప్సీ ఎందుకో, అందులో రక్తస్రావం లాంటి ఇబ్బంది ఏపాటిదో నేను ఒకసారి వివరించాను, తల ఊపారు కానీ ధైర్యం వచ్చినట్టు లేదు. సంతకం తీసుకునే ముందు మీరే స్వయంగా ఒక పది నిమిషాలు మాట్లాడండి. మా నుంచి వచ్చే వాళ్లలో నయం కాగలదని చెప్పే వీలున్న రోగులు తక్కువ, ఈయన అలాంటి వాళ్లలో ఒకరు కావచ్చు. ఆ మాట మీ నోట వింటే ఆయనకు వేరుగా ఉంటుంది. ఇప్పుడే మాట ఇచ్చెయ్యలేం, తెలుసు.

రేపు రాత్రి సోంపేటలో రైలెక్కి శుక్రవారం ఉదయం మీ ఓపీకి వస్తారు, భార్య వెంట ఉంటారు. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్, రిపోర్టులన్నీ ఒకే కవరులో పెట్టించాను. ఉండాల్సి వస్తే సిద్ధపడే రమ్మన్నాను. ఈలోగా మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం పడినా ఓపీ కోసం ఆగకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లమని ఇద్దరికీ చెప్పాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండు తర్వాత నేను ఖాళీగా ఉంటాను. చూడగానే ఒక ఫోన్ చేస్తే సంతోషం.

ఇట్లు,
మీ రామారావు
జనరల్ ఫిజీషియన్, సామాజిక ఆరోగ్య కేంద్రం, శ్రీకాకుళం జిల్లా

జతపరచినవి: జనవరి స్క్రీనింగ్ చీటీ (అసలు), ఆగస్టు–సెప్టెంబరు ల్యాబు రిపోర్టులు, అల్ట్రాసౌండ్ రిపోర్టు, ఈసీజీ, అన్నగారి ఫైలులోని ముఖ్య పేజీల నకళ్లు (ఆయన అనుమతితో).