అక్కా, తొందరేం లేదు

రోజూ వచ్చే క్యారియర్ మూత మీద ఒక్కో చీటీ అంటిస్తాం. చదవాలనిపిస్తే చదువు, లేకపోతే పక్కన పడేయ్. జవాబు రాయక్కర్లేదు.

పొట్ట కోసి గర్భసంచి తీసిన ఆపరేషన్ అక్కా ఇది. పైన చర్మం ఆరినంత త్వరగా లోపలి పొరలు అతుక్కోవు. ఆరు వారాలన్నది ఒక అంచనా, అంతకంటే ఎక్కువ పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నీకెంత పడితే అంత పట్టనీ.

"ధైర్యంగా ఉండు" అని మేం అనం. ఏడుపొస్తే ఏడువు. పొట్టకి చిన్న దిండు అదిమిపట్టుకుని ఏడిస్తే కుట్ల దగ్గర లాగదు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా ఆ దిండే.

నిన్న హాల్లో నాలుగు చుట్లు తిరిగి, ఇవాళ బాత్రూం దాకా వెళ్లడమే కష్టమైందా? వెనక్కి పోయినట్టు కాదు. నిన్నటి అలసట ఇవాళ తెలుస్తోంది, అంతే. ఇవాళ రెండు చుట్లు చాలు. ఒక్కటైనా చాలు.

మంచం మీంచి తిన్నగా లేవకు. మోకాళ్లు ముడిచి పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించుతూ మోచేత్తో నొక్కి లే. పొట్ట కండరాల మీద బరువు పడదు. నెమ్మదిగా లేస్తున్నావని ఎవరైనా అంటే మాకు ఫోన్ చెయ్యి.

ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ జోలికి మాత్రం వెళ్లకు, అది ఇరవై కిలోలు. నిండు కుక్కరూ ఎత్తకు. గురువారం సాయంత్రం వచ్చి క్యాన్ మేమే మారుస్తాం. ఇల్లు సర్దకు, చీర మార్చకు, కాఫీ పెట్టకు. పావుగంటలో వెళ్లిపోతాం.

కోత చుట్టూ తిమ్మిరిగా, మొద్దుగా ఉంటే కంగారు పడకు. కోతతో పాటు చిన్న నరాలూ తెగుతాయి, వాటికి నెలలు పడుతుంది. జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కనబడినా, బట్ట తడిసేంత రక్తం పోతున్నా, పిక్క ఒక్కటే వాచి నొప్పెట్టినా మాత్రం ఓర్చుకోకు. ఆ క్షణమే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే ఇంకేం ఆలోచించకు, 108కి చెయ్యి. అర్ధరాత్రైనా మమ్మల్ని లేపు.

ఈ కార్తీకంలో బసవనగుడి వేరుశనక్కాయల జాతరకి, అదే కడలెకాయ్ పరిషెకి, నువ్వు రాగలవో లేదో ఇప్పుడే తేల్చక్కర్లేదు. వస్తే మెల్లగా నడుద్దాం. రాలేకపోతే పచ్చి వేరుశనక్కాయలు ఇంటికే తెచ్చి ఉడకేస్తాం.

మారతహళ్లి నుంచి మీ ఇంటికి ఆటోలో గంట పట్టినా మాకు భారం కాదు, ఆ సంగతి నువ్వు మోయకు.

రేపు బీరకాయ పెసరపప్పు, మెత్తటి అన్నం, పల్చటి మజ్జిగ. మందులకి మలబద్ధకం పట్టుకుంటుంది, ముక్కితే కుట్లకి నొప్పి. అందుకే రెండు బొప్పాయి ముక్కలూ పెడుతున్నాం. తినబుద్ధి కాకపోతే వదిలెయ్, గిన్నెలు కడక్కుండానే పంపు.